సెకనున్నరలో చదివే పేరు

నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్లే దారిలో ఒక టిఫిన్ వ్యాను గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. రోడ్డు పక్కన, వ్యాను వెళ్లే దారికి 5 మీటర్ల దూరంలో ఒకాయన నిలబడి ఉన్నాడు. వ్యాను పక్క గోడ మీది రాత ఆయనకు చదవదగ్గ కోణంలో కనిపించేది సుమారు 17 మీటర్ల మేర మాత్రమే. సెకనుకు 11 మీటర్లు పరిగెత్తే బండి ఆ దూరాన్ని సెకనున్నరలో దాటేస్తుంది. చదివేటప్పుడు మన కన్ను ఒక చోట నిలవడానికి దాదాపు పావు సెకను పడుతుంది. అంటే ఆయనకు దక్కేవి ఐదారు చూపులు. అందులో ఒకటి రెండు, రాత ఎక్కడుందో వెతుక్కోవడానికే పోతాయి.

మిగిలిన మూడు నాలుగు చూపుల్లో ఏం చదవాలన్నదే టిఫిన్ వ్యాను డిజైన్‌లో అసలు లెక్క. స్టిక్కరింగ్ షాపులో మాత్రం ఈ లెక్క సాధారణంగా తిరగబడుతుంది. గోడంతా ఖాళీగా ఉంది కదా అని దేవుడి పేరు, యజమాని పేరు, ఇడ్లీ, వడ, పూరి, దోసె అంటూ జాబితా, ఫొటోలు, రెండు ఫోన్ నంబర్లు ఎక్కిస్తారు. ఆగి ఉన్న బండి దగ్గర నిలబడి చూస్తే అదంతా నిండుగానే ఉంటుంది. బండి కదిలాక అందులో ఒక్క ముక్కా మిగలదు.

ఎందుకు మిగలదో తెలుసుకోవాలంటే కంటి డాక్టరు గదిలోని చార్టు దగ్గర మొదలుపెట్టాలి. 1862లో డచ్చి వైద్యుడు హెర్మన్ స్నెలెన్ దాన్ని తయారుచేశాడు. 6 మీటర్ల నుంచి చూసినప్పుడు, చూపు బాగున్న కన్ను గుర్తుపట్టే అక్షరం ఎత్తు సుమారు 9 మిల్లీమీటర్లు. అయితే స్నెలెన్ లెక్కకు ఆధారం ఎత్తు కాదు. అక్షరంలోని గీత మందం, రెండు గీతల మధ్య సందు ఎత్తులో ఐదో వంతు ఉండేలా ఆయన అక్షరాలు గీశాడు. ఇంగ్లీషు ‘ఈ’ అక్షరంలో మూడు అడ్డగీతలు, వాటి మధ్య రెండు సందులు. ఆ సందు కనబడితే అది ‘ఈ’, కనబడకపోతే నల్లటి ముద్ద. మంచి చూపుకు కావలసిన సందు ఒక మీటరు దూరానికి 0.29 మిల్లీమీటర్లు. 50 మీటర్ల దూరానికి అది పద్నాలుగున్నర మిల్లీమీటర్లవుతుంది. ఇది చార్టు ముందు కదలకుండా కూర్చున్న కంటికి సరిపోయే కొలత. కళ్లజోడు పెట్టుకోని వాళ్లకూ, బైకు మీద ఊగుతూ వెళ్లేవాళ్లకూ, తెల్లవారుజాము వెలుగులో చూసేవాళ్లకూ దానికి రెట్టింపు కావాలి. కాబట్టి 50 మీటర్ల నుంచి చదవాలంటే సందు 30 మిల్లీమీటర్లు ఉండాలని పెట్టుకుందాం.

తెలుగు కథ ఇక్కడే వేరవుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో సందు ఎత్తులో ఐదో వంతు ఉంటే, తెలుగు అక్షరంలో ముఖ్యమైన సందు ఎత్తులో ఎనిమిదో వంతో పదో వంతో ఉంటుంది. పైగా అర్థమంతా ఆ సందులోనే ఉంటుంది. ‘ప’ మీద తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’ మీద అంటుకుని ఉంటుంది. దూరం నుంచి ఆ సందు మూసుకుపోతే పకోడి కాస్తా వకోడి. ‘ద’కూ ‘ధ’కూ తేడా కింద ఒక చిన్న గీత. ‘ప’కూ ‘ఫ’కూ తేడా అలాంటిదే. అందువల్ల తెలుగు రాతకు ‘అక్షరం ఎంత పెద్దది’ అన్న ప్రశ్న సరిపోదు. స్కేలు తీసుకుని అక్షరం లోపల అన్నిటికంటే ఇరుకైన, అర్థం మార్చే సందును కొలవాలి. అది 30 మిల్లీమీటర్లు రావాలంటే గుణింతం, ఒత్తు కలపకుండా మూల అక్షరమొక్కటే 240 నుంచి 300 మిల్లీమీటర్ల ఎత్తుండాలి. అంటే దాదాపు ఒక అడుగు.

గుణింతాలు, ఒత్తులు కలిస్తే స్థలం ఇంకా తగ్గిపోతుంది. తెలుగు మాట మూడంతస్తుల కట్టడం. మధ్యలో అక్షరం, పైన గుడి, ఏత్వం లాంటివి, కింద ఒత్తులు. పై అంతస్తుకూ కింది అంతస్తుకూ మూల అక్షరంలో సగానికి కాస్త అటూ ఇటూగా ఎత్తు కావాలి. ‘లక్ష్మీ’ అన్న మాట తీసుకోండి. ‘క’ కింద ‘ష’ ఒత్తు, దాని పక్కన లేదా కింద ‘మ’ ఒత్తు, పైన దీర్ఘం. 400 మిల్లీమీటర్ల పట్టీలో ఈ మాట పట్టాలంటే మూల అక్షరం 170 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అదే పట్టీలో ‘తోట’ అని రాస్తే కింది అంతస్తే ఉండదు. మూల అక్షరం 260 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. స్టిక్కరు ఖర్చు ఒకటే, చదవగల దూరం మాత్రం సగానికి సగం ఎక్కువ. పేరు పెట్టేటప్పుడే అక్షరం సైజు సగం నిర్ణయమైపోతుందన్నమాట.

అలాగని ఇష్టదైవం పేరు వదిలేయమని ఎవరూ అనరు. మన లారీల సంప్రదాయంలోనే దీనికి జవాబుంది. దేవుడి పేరు ముందు అద్దం పైన నుదుటి భాగంలో ఉంటుంది. అది భక్తి కోసం రాసిన రాత, యాభై మీటర్ల నుంచి ఎవరైనా చదవాలని కాదు. టిఫిన్ వ్యానుకూ ఆ చోటే సరైనది. అక్కడ ఒత్తులెన్ని ఉన్నా ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఒక వ్యానును పూర్తిగా లెక్కవేద్దాం. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచి చిన్న వ్యాపారాలకు అదే, లేదా ఆ కొలతల్లోని బండే, ఎక్కువగా వాడుకలో ఉంది. దాని వెనుక తొట్టి పొడవు 2.2 మీటర్లు, వెడల్పు దాదాపు మీటరున్నర. తొట్టి మీద టిఫిన్ డబ్బా కట్టిస్తే పక్క గోడ మీద వాడుకోదగ్గ చోటు 2.1 మీటర్ల పొడవు, 1.4 మీటర్ల ఎత్తు అనుకుందాం. నమూనా పేరు ‘తోట టిఫిన్’. నూజివీడు నుంచి ఆగిరిపల్లి వైపు, హనుమాన్ జంక్షన్ వైపు, ట్రిపుల్ ఐటీ వైపు తిరిగే బండి.

ముందు గోడలోంచి పనికిరాని చోటు తీసేయాలి. కింది అడుగు భాగం చక్రాలు లేపే ఎర్రమట్టి దుమ్ముకే సొంతం. మామిడి కాయల ట్రాక్టర్లు తిరిగే రోజుల్లో మధ్యాహ్నానికల్లా అక్కడి రాత మాసిపోతుంది. పైగా ట్రాఫిక్‌లో ఆ భాగం బైకుల వెనుక దాగిపోతుంది. అందుకే పేరు పై సగంలో ఉండాలి. ఇక్కడ మరో చిక్కుంది. టిఫిన్ బండ్లకు పక్క తలుపు పైకి లేచి గొడుగులా నిలుస్తుంది. పేరు ఆ తలుపు మీదే రాస్తే అమ్మకం మొదలయ్యే క్షణంలోనే పేరు ఆకాశం వైపు తిరిగిపోతుంది. తలుపు ఒకవైపే ఉంటే రెండో వైపు గోడకు పెద్ద పేరు ఇచ్చి, తలుపున్న వైపు దాని పైనున్న పట్టీ మీదో తలుపు లోపలి వైపునో మరోసారి రాయాలి. రెండు తలుపుల అతుకు అక్షరం మధ్యగా పోకూడదు. గొళ్లెం ఒక సందులో పడితే ‘ప’, ‘వ’ తగాదా మళ్లీ మొదటికొస్తుంది.

మిగిలిన చోటులో ‘తోట’ మూల అక్షరం 260 మిల్లీమీటర్లు, ‘టిఫిన్’ దానిలో సగం. ఈ తేడాకు కారణముంది. తెలిసిన మాటను మెదడు పూర్తిగా చదవదు, ఆకారం చూసి ఊహిస్తుంది. బండి నుంచి ఆవిరి లేస్తుంటే, పొద్దున ఏడైతే, ‘టిఫిన్’ అన్న మాట మసకగా కనిపించినా చాలు. ‘తోట’ను ఊహించడానికి ఏ ఆధారమూ లేదు, అది అక్షరాలా కనబడాలి. కాబట్టి కొత్త మాటకు పెద్ద అక్షరం, ఎరిగిన మాటకు చిన్న అక్షరం.

ఫాంటు ఎంపికలోనూ సందే కొలబద్ద. సిలికానాంధ్ర విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లలో రామభద్ర లాంటి బొద్దు అక్షరాలు పోస్టరు శీర్షికకు నిండుతనం ఇస్తాయి. కానీ గీత లావయ్యే కొద్దీ లోపలి సందు ఆ మేరకు తగ్గుతుంది. మండలి లాంటి పాఠ్య ఫాంటులో సందులు విశాలం, గీత మాత్రం సన్నం. బండి మీద గీత మందం, ఇరుకైన సందు దాదాపు సమానంగా ఉండే రూపం కావాలి. దొరకకపోతే దగ్గరి ఫాంటు తీసుకుని, కోరల్‌డ్రాలో అక్షరాన్ని కర్వులుగా మార్చి, సందులను చేత్తో వెడల్పు చేయించుకోవాలి. కర్వులుగా మార్చడంలో ఇంకో లాభముంది. ప్రింటు చేసే చోట ఆ ఫాంటు లేకపోయినా ఒత్తులు చెదరవు. నీడలు, బంగారు అంచులు, ఉబ్బెత్తు మెరుపులు మాత్రం వద్దు. అవన్నీ వచ్చి కూర్చునేది సందుల్లోనే.

రంగు సంగతికొస్తే, మామిడి సీమ బండి కాబట్టి పచ్చటి ఆకుల మీద పసుప్పచ్చ పండు అని అందరికీ తోస్తుంది. తెల్ల బండి మీద పసుపు అక్షరాలు అనీ తోస్తుంది. ఈ రెండో ఊహతోనే పెద్ద నష్టం. సన్నటి వివరాలను కన్ను పట్టుకునేది రంగుల తేడాతో కాదు, వెలుగు తేడాతో. తెలుపు, పసుపు రెండూ ఎక్కువ వెలుగును తిప్పికొట్టే రంగులే. దగ్గర్లో రెండూ వేరుగా కనబడతాయి, నలభై మీటర్ల అవతల కలిసిపోతాయి. పసుపు మీద నలుపు, తెలుపు మీద ముదురు నీలం, పసుపు మీద ముదురు ఆకుపచ్చ అయితే వెలుగు తేడా నిలుస్తుంది. దీన్ని తేల్చుకోవడం తేలిక. డిజైన్‌ను ఫోనులో నలుపు తెలుపు ఫొటోగా మార్చి చూడాలి. అందులో అక్షరం మాయమైతే రోడ్డు మీదా మాయమవుతుంది.

టిఫిన్ బండికి ఇంకో ప్రత్యేకత ఉంది. దాని పని వేళే మసక వెలుగు. జనవరిలో ఈ ప్రాంతంలో సూర్యుడు ఆరున్నర దాటాక గానీ రాడు, బండి ఆరింటికే రోడ్డెక్కుతుంది. 1819లో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే తెల్లవారుజామున పూలను చూస్తూ ఒక సంగతి గమనించాడు. పగలు కళ్లు జిగేల్మనిపించే ఎర్ర పూలు ఆ వెలుగులో దాదాపు నల్లగా, ఆకులు వాటికంటే వెలుగుగా కనిపించాయి. వెలుగు తగ్గినప్పుడు మన కంట్లో రంగులు గుర్తించే శంకు కణాల నుంచి, చీకటిలో పనిచేసే దండ కణాల వైపు చూపు భారం మారుతుంది. దండ కణాలు ఎరుపును దాదాపు పట్టించుకోవు. అందువల్ల ముదురు ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు మిట్టమధ్యాహ్నం ఎంత మెరిసినా, వేకువన నలుపు మీద నలుపు. ఎరుపు మీద అంత మోజుంటే దాన్ని లేత రంగు మీద ముదురు రంగుగా వాడుకోవాలి. పసుపు మీద ఎరుపు తెల్లవారుజామున నల్లబడినా చదవడానికి వీలుగానే ఉంటుంది.

సూర్యుడు వచ్చాక ఇంకో తంటా. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి నిగనిగలాడే వినైల్ మీద అద్దంలా తిరిగి కొడుతుంది. అందుకే పేరున్న భాగానికి మ్యాట్ లామినేషన్ చేయించాలి. చీకటిలో కనిపించడానికి రిఫ్లెక్టివ్ టేపు వేరే ఉంటుంది. సరుకు బండ్లకు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనుక ఎరుపు అన్నది భద్రత కోసం పెట్టిన క్రమం. డిజైన్ దాన్ని కప్పకూడదు, ఆ రంగులను తారుమారు చేయకూడదు. అద్దాల మీద స్టిక్కర్ల జోలికీ పోకూడదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం ముందు వెనుక అద్దాల గుండా 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుగు రావాలి. అద్దానికి నల్ల ఫిల్ములు అంటించకూడదని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. బండి మొత్తం రంగు మారుస్తుంటే ఆర్‌సీలో రాసిన రంగు సంగతి కూడా రవాణా శాఖ దగ్గర ముందే తేల్చుకోవాలి.

ఇక కదలిక. మొదట చెప్పిన 5 మీటర్ల దూరపు మనిషి దగ్గరికి మళ్లీ వెళ్దాం. వ్యాను సరిగ్గా ఆయన ఎదురుగా వచ్చినప్పుడే బాగా కనిపిస్తుందని అనుకుంటాం. జరిగేది దానికి వ్యతిరేకం. ఆ క్షణంలో వ్యాను ఆయన చూపును సెకనుకు 127 డిగ్రీల వేగంతో దాటుతోంది. కదిలే వస్తువును మన కన్ను నెమ్మదిగా వెంబడించి స్పష్టంగా చూడగలిగేది సెకనుకు 30 డిగ్రీల దాకానే. అది మించితే కన్ను వెనకబడి, గంతులేస్తూ అందుకోవాలని చూస్తుంది, రాత చారలుగా సాగిపోతుంది. వ్యాను 10 మీటర్ల ముందున్నప్పుడు కోణ వేగం సెకనుకు 25 డిగ్రీలు మాత్రమే. అప్పుడు కన్ను చక్కగా వెంబడించగలదు. కానీ అప్పుడు గోడ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అక్షరాల వెడల్పు సగానికంటే తక్కువగా కనిపిస్తుంది.

కాబట్టి పక్క గోడ మీది రాతను చదివేది ఎదురుగా వచ్చినప్పుడు కాదు, రాకముందూ పోయాకా. అందుకే అక్షరాల మధ్య ఎడం మామూలు అచ్చులో కంటే ఎక్కువ ఉండాలి. సన్నగా పొడుగ్గా నొక్కిన అక్షరాలు ఏటవాలుగా చూస్తే కర్రల దడి అవుతాయి, వెడల్పాటివి నిలుస్తాయి. ఈ దూరంలో సైజు సమస్య కాదన్నది గమనించాలి. 11 మీటర్ల దూరానికి 260 మిల్లీమీటర్ల అక్షరం కావలసినదానికంటే పెద్దదే. దగ్గరివాడికి కొరత సమయం, దూరపువాడికి కొరత సందు. దగ్గరివాడి కోసం మాటలు తగ్గించాలి, దూరపువాడి కోసం సందులు పెంచాలి. అదృష్టవశాత్తూ ఒకటి చేస్తే రెండోదానికి చోటు దానంతటదే దొరుకుతుంది.

బండికి నాలుగు వైపులున్నా నాలుగింటికీ దొరికే సమయం ఒకటి కాదు. ఎదురుగా గంటకు 50 కిలోమీటర్లతో బైకు వస్తుంటే రెండు బండ్లూ సెకనుకు 25 మీటర్ల చొప్పున దగ్గరవుతాయి. ముందు భాగంలో పట్టే 130 మిల్లీమీటర్ల అక్షరం 25 మీటర్ల నుంచి చదవగలిగితే, చదవడానికి మిగిలేది ఒక్క సెకను. అక్కడ ‘తోట’ ఒక్కటే చాలు. వెనుక వైపు సంగతి వేరు. గంటకు 15 కిలోమీటర్ల ఎక్కువ వేగంతో వెనుక నుంచి వచ్చే బైకుకు 50 మీటర్ల దూరం తగ్గడానికి 12 సెకన్లు పడుతుంది. పైగా చూపు నిలకడగా అక్కడే ఉంటుంది. ఫోన్ నంబరుకు చోటు అదొక్కటే, అదీ ఐదు అంకెల చొప్పున రెండు ముక్కలుగా. పది అంకెలను సెకనున్నరలో గుర్తుపెట్టుకోగలిగే మనిషి లేడు కాబట్టి పక్క గోడ మీద నంబరుకు పనిలేదు. ఆహార భద్రత లైసెన్సు 14 అంకెల సంఖ్య, ధరల పట్టిక లాంటివి ఆగి చదివేవారి కోసం తలుపు దగ్గర చిన్నగా ఉంటే చాలు.

తెలుగు రోడ్ల మీద ఈ సూత్రాన్ని ఎవరికన్నా బాగా పాటించింది 108. 2005లో హైదరాబాదులో మొదలైన ఆ అంబులెన్సు పేరే మూడంకెల సంఖ్య. పేరూ, ఫోన్ నంబరూ ఒకటే. అంకెల్లో ఒత్తులుండవు, సందులు పెద్దవి. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 108, 104 వాహనాలు కలిపి 1088 బండ్లు ఒకేసారి బయల్దేరాయి. అన్నిటికీ ఒకే తరహా రూపం కాబట్టి ఏ ఊళ్లో చూసినా చదవకముందే గుర్తుపట్టవచ్చు. టిఫిన్ బండికి మూడంకెల నంబరు దొరకదు, కానీ మిగతాది అనుసరించవచ్చు. అక్షరాలు అందని 80, 100 మీటర్ల దూరంలో పనిచేసేది రంగు ముద్ద ఒక్కటే. తెల్ల బండ్లు, పచ్చటి తోటల మధ్య నిండు పసుపు డబ్బా, నల్లటి పేరు, ప్రతి వైపూ ఒకే రంగు, ఒకే రూపం ఉంటే రెండో వారానికి పేరు చదవాల్సిన అవసరమే ఉండదు.

బొమ్మ పెట్టాలనుకుంటే అదీ ముద్దగా నిలవాలి. పళ్లెంలో దోసె, చట్నీ, సాంబారు ఫొటో 30 మీటర్ల నుంచి గోధుమరంగు మరక. ఒకే రంగులో కత్తిరించిన మామిడికాయ ఆకారమైతే నిలుస్తుంది, అదీ సరైన కాయ అయితేనే. బంగినపల్లి అంచు గీసి చూస్తే దూరానికి కోడిగుడ్డు. కలెక్టర్ కాయకు కొసన ముక్కు ఉంటుంది కాబట్టి ఆకు లేకపోయినా మామిడేనని తెలుస్తుంది.

ఇదంతా డబ్బు పెట్టకముందే పరీక్షించుకోవచ్చు. 2.1 మీటర్ల గోడను పదో వంతుకు కుదిస్తే 210 మిల్లీమీటర్లు, సరిగ్గా ఎ-4 కాగితం వెడల్పు. డిజైన్‌ను దాని మీద ప్రింటు తీసి గోడకు అంటించి 5 మీటర్లు వెనక్కి వస్తే, అది రోడ్డు మీద 50 మీటర్లతో సమానం. బండి గురించి ఏమీ తెలియని మనిషితో చదివించాలి. మనకు పేరు ముందే తెలుసు కాబట్టి మన కన్ను అబద్ధం చెబుతుంది. తర్వాత అదే కాగితాన్ని ఒకరు పట్టుకుని, చూసేవారి ముఖానికి అర మీటరు దూరంలో మామూలు నడకతో, అంటే గంటకు 4 కిలోమీటర్ల వేగంతో, పక్కగా దాటాలి. దూరమూ వేగమూ రెండూ పదో వంతయ్యాయి కాబట్టి కోణ వేగం మారదు. అదే 127 డిగ్రీలు, అదే సెకనున్నర. చివరగా సూర్యోదయానికి ముందు వాకిట్లో మొదటి పరీక్ష మరోసారి. మంచు, దుమ్ము, అద్దం మీద వాన చుక్కలు ఈ పరీక్షల్లోకి రావు. అందుకే ఫలితం అంచున ఉంటే పోయినట్టే లెక్కపెట్టాలి.

పరీక్ష పోతే అక్షరాలు పెంచమని వెంటనే అడగడం తప్పు వరుస. ముందు మాటలు తీసేయాలి. తర్వాత నీడలు, అంచులు తీసేయాలి. తర్వాత సందులు, ఎడాలు పెంచాలి. ఆ పైన వెలుగు తేడా సరిచేయాలి. ఇవన్నీ అయ్యాకా చదవలేకపోతే అప్పుడు అక్షరం పెంచాలి. ఆ దశకు వచ్చేసరికి దానికి కావలసిన చోటు గోడ మీద ఖాళీగానే ఉంటుంది.